కీమో మొదలయ్యేలోపు అండాలు, వీర్యం దాచుకోవడం ఎలా?

నేను ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. అండాలు, వీర్యం ఫ్రీజ్ చేయడం, అవసరమైనప్పుడు కరిగించడం నా రోజువారీ పని. క్యాన్సర్ అని తెలిసిన కుర్రాళ్లు, అమ్మాయిలు, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేది ఎప్పుడూ ఒకటే: "వచ్చే వారం కీమో అంటున్నారు. ఇప్పుడు దాచుకోవడానికి టైమ్ ఉందా?" చాలా సందర్భాల్లో ఉంటుంది. మగవాళ్లకి ఒక్క రోజు చాలు. ఆడవాళ్లకి అండాలు తీయాలంటే రెండు వారాలు కావాలి. అంత టైమ్ లేనప్పుడు వేరే దారులున్నాయి, అవి కింద చెప్తాను.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. వీర్యకణాలను తయారుచేసే కణాలు సరిగ్గా అలాంటివే. అండాశయంలో అండాలు పుట్టుకతో వచ్చిన నిల్వే, ఒకసారి పోతే కొత్తవి రావు. మందులన్నీ ఒకేలా దెబ్బతీయవు. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, బుసల్ఫాన్, మెల్ఫలాన్, ప్రోకార్బజైన్ లాంటివి ఎక్కువ నష్టం చేస్తాయి. హాడ్జ్‌కిన్ లింఫోమాకి ఇచ్చే ఏబీవీడీ కాంబినేషన్ వీటితో పోలిస్తే చాలా మృదువు. పొత్తికడుపుకి రేడియేషన్, బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందిచ్చే హై డోస్ మందులు అన్నిటికన్నా ప్రమాదం. మీ చీటీలో ఏ మందులున్నాయో తెలియకుండా "నాకు పిల్లలు పుడతారా" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేరు.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- బయాప్సీ రిపోర్టు. రొమ్ము క్యాన్సర్ అయితే హార్మోన్ రిసెప్టర్ల ఫలితం కూడా.
- కీమో ప్లాన్: మందుల పేర్లు, ఎన్ని సైకిల్స్, మొదటి డోస్ తేదీ.
- తాజా రక్తపరీక్ష (ముఖ్యంగా ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు), రక్తం గడ్డకట్టే పరీక్ష.
- హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ పరీక్షలు. ఇవి లేకపోతే ల్యాబ్ మీ శాంపిల్‌ని మామూలు ట్యాంకులో పెట్టదు. ఫలితాలు రావడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి క్యాన్సర్ ఆసుపత్రిలో రక్తం ఇచ్చేటప్పుడే వీటినీ రాయించుకోండి.
- ఆంకాలజిస్ట్ రాసిన చిన్న ఉత్తరం: పేషెంట్‌కి మత్తు ఇవ్వొచ్చా, ఏ తేదీ దాటకూడదు అన్నది అందులో ఉండాలి.
- గుర్తింపు కార్డు.

1. ఆంకాలజిస్ట్‌ని ఈరోజే అడగండి

మొదటి సంప్రదింపులో ఆ డాక్టర్ మనసంతా క్యాన్సర్ మీదే ఉంటుంది, ఉండాలి కూడా. అందుకే ఈ మాట మీరే ఎత్తాలి. "పిల్లల సంగతి ఏంటి డాక్టర్" అని వదులుగా అడిగితే "ముందు ప్రాణం చూద్దాం" అన్న జవాబు వస్తుంది. ప్రశ్నలు ఇలా పెట్టండి:

"నా కీమో ఎన్ని రోజులు ఆగగలదు? రెండు వారాలు ఆగితే నాకు నష్టమా?"

"పొత్తికడుపుకి రేడియేషన్ గానీ ట్రాన్స్‌ప్లాంట్ గానీ తర్వాత ఉండొచ్చా?"

"అండాలు పెరగడానికి హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకోవచ్చా?"

మూడు జవాబులూ కాగితం మీద రాయించుకోండి. రొమ్ము క్యాన్సర్‌లో స్కాన్‌లు, కీమో మందు ఎక్కించే పోర్ట్ పెట్టడం, జీన్ పరీక్షల కోసం ఎలాగూ కొన్ని రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లోనే ఈ పని అయిపోవచ్చు. అక్యూట్ లుకేమియాలో ఒక్కోసారి రెండు రోజులు కూడా ఆగరు, ఆగకూడదు. ఆ సంగతి నాలుగో అంచెలో.

2. మగవాళ్లు: మొదటి డోస్ పడకముందు శాంపిల్ ఇవ్వండి

ఇది ఇంత తేలికైన పని అయినా ఎక్కువగా మిస్ అయ్యేది ఇదే. కారణం ఏంటంటే ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు. 19 ఏళ్ల కుర్రాడు తండ్రి ముందు అడగలేడు, తండ్రి కొడుకుతో అనలేడు. డాక్టర్ అందరినీ బయటికి పంపి రెండు నిమిషాలు అతనొక్కడితోనే మాట్లాడితే పని అవుతుంది. మీరు తల్లో తండ్రో అయితే, ఆ ఏకాంతం మీరే అడిగి ఇప్పించండి.

ఇచ్చే విధానం ఇది. రెండు మూడు రోజులు వీర్యం బయటికి పోకుండా ఉంటే మంచిది. టైమ్ లేదా, ఆ నియమం వదిలేయండి. వీలైతే రెండు మూడు శాంపిల్స్, మధ్యలో రెండు రోజుల ఎడంతో. అదీ కుదరకపోతే 24 గంటల ఎడంతో. ఒక్కటే ఇవ్వగలిగితే ఆ ఒక్కటే ఇవ్వండి.

జాగ్రత్తలు చిన్నవే, కానీ ల్యాబ్‌లో మేం రోజూ చూసే తప్పులు ఇవే:

మామూలు లూబ్రికెంట్, నూనె, సబ్బు, ఉమ్మి వాడొద్దు. అవి వీర్యకణాల కదలికను దెబ్బతీస్తాయి. మామూలు కండోమ్‌లో పట్టి తేవద్దు. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ కప్పులోనే పట్టాలి. మొదటి చుక్కలు కింద పడిపోతే దాచకుండా చెప్పండి, ఎందుకంటే కణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే. ఆసుపత్రిలో రాకపోతే ఇంటి దగ్గర ఇవ్వడానికి చాలా ల్యాబ్‌లు ఒప్పుకుంటాయి. అప్పుడు కప్పుని చొక్కా లోపల ఒంటికి ఆనించి, గంటలోపు తేవాలి. ఐస్‌లో పెట్టి తెచ్చినవాళ్లున్నారు. చల్లదనం మంచిదనుకున్నారు పాపం, అది కణాలను చంపుతుంది.

రిపోర్టు చూసి కంగారుపడకండి. ముఖ్యంగా హాడ్జ్‌కిన్ లింఫోమా, వృషణ క్యాన్సర్ ఉన్నవాళ్లలో కీమోకి ముందే కౌంట్ తక్కువగా ఉండటం మామూలే. ఒక లెక్క చూద్దాం. 22 ఏళ్ల హాడ్జ్‌కిన్ పేషెంట్, శాంపిల్ 2 మి.లీ. మి.లీ.కి 1 కోటి 20 లక్షల కణాలు, అందులో కదిలేవి 30 శాతం. అంటే మొత్తం కదిలేవి 72 లక్షలు. ఫ్రీజ్ చేసి కరిగిస్తే సుమారు సగం పోతాయి అనుకుంటే 36 లక్షలు మిగులుతాయి. వింటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఇక్సీ పద్ధతిలో ఒక అండానికి ఒకే కణం సూదితో లోపలికి పంపుతాం. పది అండాలకి పది కణాలు చాలు. అందుకే ఇలాంటి శాంపిల్‌ని "పనికిరాదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇక్కడ ఒక మాట అడిగి తీరాలి: "శాంపిల్‌ని ఎన్ని వయల్స్‌గా విడగొడతారు?" అంతా ఒకే వయల్‌లో, అంటే ఒకే చిన్న సీసాలో పెడితే మొదటి ప్రయత్నానికే అంతా కరిగించాల్సి వస్తుంది. నాలుగు చిన్న వయల్స్‌గా ఉంటే నాలుగుసార్లు వాడొచ్చు. మళ్లీ ఫ్రీజ్ చేయడం సాధ్యమే అయినా ప్రతిసారీ నష్టం జరుగుతుంది.

శాంపిల్ రాకపోతే? టెన్షన్, నొప్పి మందులు, నీరసం, అన్నీ కారణాలే. అంగస్తంభనకి మాత్ర, వైబ్రేటర్, మత్తులో చేసే ఎలక్ట్రో ఎజాక్యులేషన్, ఈ వరసలో ప్రయత్నిస్తారు. వీర్యంలో కణాలే లేకపోతే వృషణం నుంచి చిన్న ముక్క తీసి కణాలు వెతుకుతారు, దాన్ని టీసే అంటారు. పోర్ట్ పెట్టే మత్తులోనే ఇదీ చేయించుకుంటే ఇంకో మత్తు తప్పుతుంది. వృషణ క్యాన్సర్‌కి ఆపరేషన్ ఉంటే, వృషణం తీసేయకముందే శాంపిల్ ఇవ్వండి, మిగిలిన వృషణం బాగా పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

మొదటి సైకిల్ అయిపోయాక వచ్చి "ఇప్పుడు దాచొచ్చా" అని అడిగిన వాళ్లు నాకు బాగా గుర్తుంటారు. వీర్యంలో ఇంకా కణాలు కనిపిస్తాయి, మైక్రోస్కోప్‌లో బాగానే ఈదుతుంటాయి. కానీ ఒక వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఆ కణాలు సగం తయారై ఉండగానే మందు తగిలింది. వాటి డీఎన్ఏ దెబ్బతిని ఉండొచ్చు, పైకి మాత్రం తెలియదు. అందుకే మొదటి డోస్ తర్వాత దాచమని మేం సలహా ఇవ్వం.

ఇంకో అపోహ: హార్మోన్ ఇంజెక్షన్లతో వృషణాలను "నిద్రపుచ్చి" కాపాడొచ్చని. మగవాళ్లలో అది పనిచేయదు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లైతే ఉన్న కౌంట్‌ని కూడా పడేస్తాయి.

3. ఆడవాళ్లు: క్యాలెండర్ గీసుకోండి

ఇదివరకు పీరియడ్స్ రెండో రోజు దాకా ఆగి ఇంజెక్షన్లు మొదలుపెట్టేవారు. దానివల్ల నెల పోయేది. ఇప్పుడు సైకిల్‌లో ఏ రోజైనా మొదలుపెడతారు, దీన్ని ర్యాండమ్ స్టార్ట్ అంటారు. "పీరియడ్స్ వచ్చాక రండి" అని ఎవరైనా పంపేస్తే, "ర్యాండమ్ స్టార్ట్ చేయరా?" అని అడగండి. చేయం అంటే వేరే చోటికి వెళ్లండి, రోజులు పోనివ్వొద్దు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. 29 ఏళ్ల అమ్మాయి, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్‌కి ముందే కీమో. మొదటి డోస్ ఈరోజు నుంచి లెక్కేస్తే 17వ రోజు. ఆమె పీరియడ్స్ సైకిల్‌లో ప్రస్తుతం 16వ రోజు.

*1వ రోజు.* ఆంకాలజిస్ట్ ఉత్తరంతో ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గరికి. వజైనల్ స్కాన్‌లో రెండు అండాశయాల్లో కలిపి 13 చిన్న ఫాలికల్స్, అంటే అండాలు పెరిగే నీటి సంచులు కనిపించాయి. అండాల నిల్వ ఎంతుందో చెప్పే హార్మోన్ ఏఎంహెచ్ పరీక్షకి రక్తం ఇచ్చారు. ఆ ఫలితం కోసం ఆగలేదు, స్కాన్ లెక్క చాలు. ప్రెగ్నెన్సీ లేదని పరీక్ష చేశారు.

*2వ రోజు.* రాత్రి 8 గంటలకి అండాలను పెంచే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ ఇంజెక్షన్, డోస్ 225 యూనిట్లు (మీ డోస్ మీ డాక్టర్ వేస్తారు). దాంతోపాటు లెట్రోజోల్ 5 మి.గ్రా. మాత్ర. ఈ మాత్ర ఎందుకంటే, అండాలు పెరిగేటప్పుడు ఈస్ట్రోజన్ బాగా పెరుగుతుంది. హార్మోన్‌కి స్పందించే క్యాన్సర్ ఉన్నవాళ్లలో అది వద్దు. లెట్రోజోల్ ఈస్ట్రోజన్‌ని కింద తొక్కిపెడుతుంది, అండాలు మాత్రం పెరుగుతాయి.

*2 నుంచి 11 దాకా.* రోజూ అదే టైమ్‌కి ఇంజెక్షన్. పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, బొడ్డుకి కాస్త పక్కన గుచ్చుకోవాలి. 6వ రోజు, 8వ రోజు, 10వ రోజు స్కాన్. పెద్ద ఫాలికల్ 13, 14 మి.మీ.కి చేరగానే సెట్రోరెలిక్స్ లాంటి రెండో ఇంజెక్షన్ కలిపారు, అండాలు ముందే విడుదల కాకుండా ఆపడానికి. ఇది ఒక్క రోజు మానినా మొత్తం శ్రమ వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ఈ దశలో ఒక భయం వస్తుంది. లెట్రోజోల్ వాడుతున్నప్పుడు రక్తంలో ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్ అంకె చాలా తక్కువగా కనిపిస్తుంది. క్యాన్సర్ పేషెంట్లని అంతగా చూడని ల్యాబ్ అయితే "రెస్పాన్స్ లేదు" అనేస్తుంది. స్కాన్‌లో ఫాలికల్స్ పెరుగుతున్నాయా లేదా అన్నదే చూడాలి.

*12వ రోజు.* ఫాలికల్స్ 20 మి.మీ. దగ్గరికి వచ్చాయి. రాత్రి సరిగ్గా 10 గంటలకి ట్రిగ్గర్ ఇంజెక్షన్, అంటే అండాలను చివరిగా పక్వం చేసే సూది. దీన్ని ల్యూప్రొలైడ్ లేదా ట్రిప్టొరెలిన్‌తో ఇవ్వమని అడగండి. హెచ్‌సీజీతో ఇస్తే అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ప్రమాదం ఎక్కువ, అప్పుడు కీమో వాయిదా పడుతుంది.

*13వ రోజు.* ఉదయం రక్తంలో ఎల్‌హెచ్ అనే హార్మోన్ చూశారు, అండం విడుదలకి సంకేతమిచ్చేది అదే. బాగా పెరిగింది, అంటే ట్రిగ్గర్ పనిచేసింది. ఇది మరిచిపోకుండా చేయించుకోండి. ఇంజెక్షన్ సరిగా పడకపోతే ఇప్పుడే తెలుస్తుంది, అదే రోజు ఇంకో డోస్‌తో సరిదిద్దుకోవచ్చు. మర్నాడు మత్తులో పడుకోబెట్టి చూస్తే అండాలే రాలేదంటే చేసేదేం లేదు.

*14వ రోజు.* ఉదయం 10 గంటలకి, అంటే ట్రిగ్గర్ తర్వాత 36 గంటలకి ఎగ్ పికప్, అంటే అండాలు బయటికి తీయడం. తేలికపాటి మత్తు, వజైనల్ స్కాన్ సాయంతో సన్నటి సూది, ఇరవై నిమిషాల పని. 13 అండాలు వచ్చాయి. వాటిలో 10 పక్వమైనవి, ఆ 10 విట్రిఫై చేశారు, అంటే నీళ్లు గడ్డకట్టే స్ఫటికాలు ఏర్పడకముందే క్షణాల్లో గాజులా గట్టిపరిచి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టారు. లెట్రోజోల్ మళ్లీ మొదలుపెట్టి, ఈస్ట్రడయాల్ మి.లీ.కి 50 పికోగ్రాముల కిందికి దిగేదాకా వాడారు.

*17వ రోజు.* అనుకున్న తేదీకే కీమో.

ట్రిగ్గర్ టైమ్ గురించి మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఇంట్లో జరిగే తప్పుల్లో ఇదే ఖరీదైనది. పది గంటలన్నది పదింపావు అయితే మునిగిపోదు, కానీ రెండు మూడు గంటలు తేడా వస్తే వెంటనే క్లినిక్‌కి ఫోన్ చేసి నిజం చెప్పండి. పికప్ టైమ్ దానికి తగ్గట్టు జరుపుతారు. తిడతారేమో అని దాచిపెడితే అండాలు పచ్చిగానో, ముందే విడుదలైపోయో ఉంటాయి. సిరంజి, ఖాళీ వయల్ ఫోటో తీసి పెట్టుకోండి, టైమ్ కూడా అందులో ఉంటుంది.

పికప్ తర్వాత ఒక్క రోజులో కిలోకి పైగా బరువు పెరగడం, పొట్ట ఉబ్బడం, మూత్రం తగ్గడం, ఊపిరి ఆడకపోవడం, జ్వరం, ఎక్కువ రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుగానే ఎక్కువ, ఇంజెక్షన్ల వల్ల ఇంకాస్త పెరుగుతుంది. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే ఆలస్యం చేయొద్దు. ఛాతీలో పెద్ద గడ్డ ఉన్న లింఫోమా పేషెంట్లకి మత్తు ప్రమాదకరం కావచ్చు, మత్తు డాక్టర్ ఛాతీ స్కాన్ చూశాకే ఒప్పుకోవాలి.

అండాలా, పిండాలా?

పెళ్లైనవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. భర్త వీర్యంతో కలిపి పిండాలుగా దాచుకుంటే, ఎన్ని పిండాలు ఉన్నాయో ఇప్పుడే తెలిసిపోతుంది. అదొక సౌకర్యం. కానీ పిండం మీద ఇద్దరికీ హక్కుంటుంది. ఒకరు కాదంటే రెండోవాళ్లు వాడుకోలేరు. అండాలు ఆమె ఒక్కదానివే. జబ్బు సమయంలో కాపురాలు నిలబడటమూ చూశాను, విడిపోవడమూ చూశాను. అందుకే ఎవరైనా అడిగితే కొన్ని అండాలుగానే ఉంచండి, మొత్తం పిండాలు చేయొద్దు అంటాను. ఇది నా అభిప్రాయం, మీ ఇష్టం మీది.

4. రెండు వారాలు లేనప్పుడు, లేదా హార్మోన్లు వద్దన్నప్పుడు

*అండాశయ కణజాలం దాచడం.* ల్యాప్రోస్కోపీలో ఒక అండాశయం, లేదా దాని పై పొర ముక్కలు తీసి ఫ్రీజ్ చేస్తారు. ఇంజెక్షన్లు అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. పీరియడ్స్ ఇంకా మొదలవని చిన్నపిల్లలకి ఉన్న ఒకే దారి ఇదే. క్యాన్సర్ తగ్గాక ఆ ముక్కలను తిరిగి శరీరంలో కుడతారు. కొన్ని నెలల్లో హార్మోన్లు మళ్లీ మొదలవుతాయి, కొందరు సహజంగానే గర్భం దాలుస్తారు. ఇలా తిరిగి పెట్టిన కణజాలంతో మొదటి బిడ్డ పుట్టినట్టు 2004లో బెల్జియం నుంచి వార్త వచ్చింది. వయసు 35 దాటితే అండాల నిల్వ తగ్గుతుంది కాబట్టి సాధారణంగా దీన్ని సిఫార్సు చేయరు.

లుకేమియాలో మాత్రం జాగ్రత్త. ఆ ముక్కల్లో క్యాన్సర్ కణాలు దాక్కుని ఉండొచ్చు, తిరిగి పెడితే జబ్బు కూడా తిరిగి రావచ్చు. అందుకే లుకేమియా పేషెంట్లకి తరచుగా అనుసరించే వరస ఇది: ముందు కీమో మొదలుపెట్టి జబ్బు అదుపులోకి తెస్తారు. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు మళ్లీ ఈ చర్చ తెరుస్తారు. "మొదట్లో కుదరలేదు కాబట్టి ఇక అంతే" అని వదిలేయకుండా ట్రాన్స్‌ప్లాంట్ మాట వచ్చిన రోజు మళ్లీ అడగండి.

*గోసెరెలిన్ ఇంజెక్షన్.* నాలుగు వారాలకోసారి 3.6 మి.గ్రా. పొట్ట చర్మం కింద. కీమోకి కనీసం వారం ముందు మొదలుపెట్టడం మేలు. అండాశయాలను విశ్రాంతిలో ఉంచుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో దీనికి ఆధారాలు బాగున్నాయి, మిగతా వాటిలో అంత గట్టిగా లేవు. కానీ ఇది బీమా మీద అదనపు బీమా లాంటిది. అండాలు దాచుకునే అవకాశం ఉన్నప్పుడు దీన్నే నమ్ముకుని కూర్చోవద్దు. "ఈ సూది వేస్తున్నాం, ఇంకేం అక్కర్లేదు" అని విన్నవాళ్లు తర్వాత బాధపడటం చూశాను. లుకేమియాలో దీనితో ఇంకో లాభం ఉంది, ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజుల్లో పీరియడ్స్ ఆగి రక్తస్రావం తప్పుతుంది.

*అండాశయాన్ని జరపడం.* పొత్తికడుపుకి రేడియేషన్ మాత్రమే ఉంటే, అండాశయాలను కిరణాలు పడే చోటు నుంచి పైకి, పక్కకి కుట్టేస్తారు. కీమో నుంచి ఇది కాపాడదు.

*చిన్న అబ్బాయిలు.* యుక్తవయసు రాకపోతే వీర్యం ఉండదు. వృషణ కణజాలం దాచడం కొన్ని చోట్ల చేస్తారు, కానీ అది ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. ఆ మాట స్పష్టంగా చెప్పి, పరిశోధన పత్రం మీద సంతకం తీసుకునే చోటే చేయించండి.

5. సంతకాలు పెట్టేముందు చదవండి

ఆ రోజు మీ చేతిలో పది కాగితాలు పెడతారు. అలసటలో అన్నింటికీ సంతకం చేసేస్తారు. ఈ చోట్ల మాత్రం ఆగండి: ఎన్నాళ్లు దాస్తారు, రెన్యూవల్ ఎలా, మీకేమైనా అయితే ఆ శాంపిల్ ఎవరికి, వాడొచ్చా పారేయాలా, క్లినిక్ మారాలంటే తీసుకెళ్లొచ్చా. ఫోన్ నంబర్ దగ్గర మీదొక్కటే ఇవ్వకండి, అన్నదో అక్కదో ఇంకో నంబర్ ఇవ్వండి. రెన్యూవల్ నోటీసు పాత అడ్రస్‌కి వెళ్లి తిరిగొచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

6. పని సరిగా జరిగిందో ఎలా తెలుసుకోవాలి

ఆడవాళ్లు: "13 అండాలు వచ్చాయి" అన్న మాటతో ఆగకండి. పక్వమైనవి ఎన్ని, ఫ్రీజ్ చేసినవి ఎన్ని అని అడగండి. మా భాషలో పక్వమైన అండాన్ని ఎమ్-టూ అంటాం, వాడటానికి నిజంగా పనికొచ్చేవి అవే. ఆ 10 అండాలనే తీసుకుంటే, కరిగించాక 8 లేక 9 బతకొచ్చు, వాటిలో ఆరు ఫలదీకరణ చెందొచ్చు, ఐదో రోజుకి మూడు మంచి పిండాలు మిగలొచ్చు. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని రాలిపోతాయి. పది అండాలంటే పదిమంది పిల్లలు కాదు, ఒక బిడ్డకి మంచి అవకాశం. ఆంకాలజిస్ట్ ఇంకో రెండు వారాలు ఇస్తే రెండో విడత వెంటనే చేయొచ్చు, కానీ ఆ మాట ఆయనే అనాలి, మీరు కీమో తేదీని మీ అంతట మీరు జరపొద్దు.

మగవాళ్లు: మొదటి శాంపిల్ నుంచి ఒక చిన్న వయల్ కరిగించి చూశారా, కదిలే కణాలు ఎంత శాతం మిగిలాయి అని అడగండి. దీన్ని పోస్ట్ థా టెస్ట్ అంటారు. అంకె బాగా తక్కువైతే ఇంకో శాంపిల్ ఇవ్వడానికి కీమోకి ముందున్న రోజులే ఉన్నాయి.

ఇద్దరూ స్టోరేజ్ సర్టిఫికెట్ తీసుకోండి. పేరు, పుట్టిన తేదీ, ఐడీ, తేదీ, శాంపిల్ దాచిన సన్నటి స్ట్రాలు లేదా వయల్స్ ఎన్ని, ట్యాంక్ నంబర్ అందులో ఉండాలి. పేరు స్పెల్లింగ్ గుర్తింపు కార్డుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మీ ఎదుటే కప్పు మీద లేబుల్ అతికించమనండి. మేం ఏమీ అనుకోం, నిజానికి మాకూ అదే కావాలి.

7. కీమో సమయంలో, తర్వాత

కీమో నడుస్తున్నంత కాలం ఇద్దరూ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. పీరియడ్స్ ఆగిపోయినా సరే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. మగవాళ్లకి కౌంట్ సున్నా అనుకుని వదిలేసి ఇబ్బందుల్లో పడ్డవాళ్లూ ఉన్నారు.

కీమో అయిన వెంటనే ఏఎంహెచ్ చేయించుకుంటే దాదాపు అందరికీ పాతాళంలో ఉంటుంది. అది చూసి ఏడవొద్దు, సంవత్సరం తర్వాత మళ్లీ చేయించండి, కొంత కోలుకోవచ్చు. అలాగే పీరియడ్స్ తిరిగొచ్చాయంటే అండాల నిల్వ పూర్వంలా ఉందని కాదు. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు అయిదేళ్లు పూర్తయ్యేదాకా ఆగాల్సిందే అనుకుంటారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు వాడాక, గర్భం కోసం రెండేళ్ల దాకా ఆపడం గురించి 2023లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి, మొదటి కొన్నేళ్లలో జబ్బు తిరగబెట్టడం పెరిగినట్టు అందులో కనిపించలేదు. మీ ఆంకాలజిస్ట్‌తో ఈ మాట ఎత్తండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మగవాళ్లు కీమో అయ్యాక సంవత్సరానికి వీర్య పరీక్ష చేయించండి. సున్నా వస్తే ఆర్నెల్లకోసారి మళ్లీ చూడండి, రెండు మూడేళ్లకి తిరిగొచ్చినవాళ్లున్నారు. కౌంట్ బాగానే వచ్చిందని దాచిన వయల్స్ పారేయమని ఫోన్ చేస్తుంటారు. బిడ్డ పుట్టేదాకా ఆగండి. జబ్బు తిరగబెట్టి రెండోసారి కీమో ఇవ్వాల్సి వస్తే, అప్పుడు చేతిలో ఉండేది ఆ వయల్సే.